రెండు టేబుళ్లూ సరైనవే, మార్కులు మాత్రం మూడే

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పిల్లలకు డేటాబేస్ పాఠం చెబుతాను. మిడ్ పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు సాయంత్రం నుంచి ఫోన్‌కు మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. "మేడమ్, ఒక్క మార్కు వేయండి", "మేడమ్, రెండు మార్కులే తక్కువయ్యాయి". వాటిలో పాఠం గురించి ఒక్క ముక్క ఉండదు. మొన్నటి మిడ్ తర్వాత మాత్రం, రాత్రి పదకొండు దాటాక, ఒక అమ్మాయి ఈమెయిల్ రాసింది. ఇంగ్లీషులో రాసిన ఆ ఉత్తరాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"మేడమ్, నమస్కారం. మూడో ప్రశ్న నార్మలైజేషన్‌ది. నాకు పదికి మూడు మార్కులు వచ్చాయి. జవాబు పక్కన మీరు 'లాసీ' అని ఒక్క మాట రాసి గీత కొట్టారు. నేను టేబుల్‌ను రెండుగా విడదీశాను. రెండింటిలోనూ రెండేసి కాలమ్‌లే ఉన్నాయి. రెండు కాలమ్‌ల టేబుల్ ఎప్పుడూ బీసీఎన్ఎఫ్‌లోనే ఉంటుందని మీరే క్లాసులో చెప్పారు. పైగా నేను మూడు వరుసలు రాసుకుని, విడదీసి, మళ్లీ కలిపి చూశాను. ఆ మూడు వరుసలే తిరిగి వచ్చాయి. రఫ్ పేజీలో ఆ లెక్క ఉంది. మరి నా జవాబు ఎందుకు తప్పయిందో అర్థం కావడం లేదు. మార్కులు పెంచమని అడగడం లేదు మేడమ్. తప్పు ఎక్కడుందో చెబితే సెమిస్టర్ పరీక్షకు సరిదిద్దుకుంటాను."

రెండుసార్లు చదివాను. ఆమె చెప్పిన రెండు మాటలూ నిజమే. రెండు కాలమ్‌ల టేబుల్ బీసీఎన్ఎఫ్‌లోనే ఉంటుంది, క్లాసులో ఆ మాట చెప్పింది నేనే. రఫ్ పేజీలోని లెక్క కూడా సరిగ్గానే ఉంది. అయినా జవాబు తప్పు. ఆ తప్పును నేను ఒక్క మాటతో సరిపెట్టాను. "లాసీ" అంటే నష్టం కలిగించేది అని అర్థం. తను లెక్క వేసి చూస్తే నష్టం కనిపించని పిల్లకు ఆ మాట ఏం చెబుతుంది? మర్నాడు స్టాఫ్ రూమ్‌కు రమ్మన్నాను. అక్కడ ఆమెకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను. డేటాబేస్ పేరు వినడమే తప్ప దాన్ని ఎప్పుడూ చూడని వాళ్లకు కూడా ఇది అర్థమవుతుంది. ఎందుకంటే ప్రశ్న ఒక ట్యూషన్ సెంటర్ రిజిస్టర్ గురించి.

ఆ రిజిస్టర్‌లో మూడు కాలమ్‌లు: విద్యార్థి, సబ్జెక్టు, టీచరు. ఎవరు ఏ సబ్జెక్టు ఎవరి దగ్గర చదువుతున్నారో ఒక్కో వరుసలో రాస్తారు. సెంటర్‌కు రెండు నియమాలున్నాయి. మొదటిది, ఒక విద్యార్థికి ఒక సబ్జెక్టుకు ఒక్కరే టీచరు. రవి మ్యాథ్స్ ఇద్దరి దగ్గర చదవడానికి వీల్లేదు. రెండోది, ఒక టీచరు ఒక్క సబ్జెక్టే చెబుతారు. ఒకే సబ్జెక్టును ఇద్దరు ముగ్గురు టీచర్లు చెప్పవచ్చు, అందుకు అడ్డం లేదు. ఇలాంటి నియమాలను డేటాబేస్ భాషలో ఫంక్షనల్ డిపెండెన్సీలు అంటారు. "ఇది తెలిస్తే అది ఒక్కటే అవుతుంది" అని వాటి అర్థం. బాణం గుర్తుతో రాస్తాం:

విద్యార్థి, సబ్జెక్టు → టీచరు
టీచరు → సబ్జెక్టు

ప్రశ్నలో నాలుగు భాగాలున్నాయి. టేబుల్ కీలన్నీ కనుక్కోండి, రెండు మార్కులు. టేబుల్ ఏ నార్మల్ ఫార్మ్‌లో ఉందో కారణంతో చెప్పండి, మూడు మార్కులు. దాన్ని బీసీఎన్ఎఫ్‌లోకి విడదీయండి, మూడు మార్కులు. విడదీశాక సమాచారం నష్టం లేకుండా ఉందా, నియమాలు నిలిచాయా చెప్పండి, రెండు మార్కులు.

అసలు ఈ రిజిస్టర్‌ను విడదీయాల్సిన అవసరం ఏమిటి? పద్మ గారు ఫిజిక్స్ చెబుతారనే ఒక్క సంగతి, ఆమె దగ్గర నలభై మంది చదువుతుంటే నలభై వరుసల్లో ఉంటుంది. రేపు ఆమె కెమిస్ట్రీకి మారితే నలభై చోట్ల దిద్దాలి, ఒక్కటి మరిచినా రిజిస్టర్ అబద్ధం చెబుతుంది. కొత్తగా ఒక టీచరు చేరి, ఇంకా పిల్లలెవరూ రాకపోతే, ఆయన ఏ సబ్జెక్టు చెబుతారో రాయడానికి చోటే లేదు. ఒక టీచరు దగ్గర ఉన్న చివరి విద్యార్థి మానేసి ఆ వరుస కొట్టేస్తే, ఆ టీచరు సబ్జెక్టు ఏమిటన్నది కూడా దాంతోపాటే పోతుంది. ఒక సంగతి ఒక్కచోటే ఉండేలా టేబుళ్లను మలచడమే నార్మలైజేషన్. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన పరిశోధన పత్రంతో ఈ ఆలోచన మొదలైంది.

ముందు కీల సంగతి. ఏ కాలమ్‌ల విలువలు తెలిస్తే మొత్తం వరుస తెలిసిపోతుందో అవి కీ. విద్యార్థి, సబ్జెక్టు రెండూ తెలిస్తే మొదటి నియమం ప్రకారం టీచరు తెలుస్తారు. కాబట్టి ఆ రెండూ కలిసి కీ. ఆ అమ్మాయి ఇది రాసింది, ఒక మార్కు వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. విద్యార్థి, టీచరు తెలిస్తే? టీచరు తెలిస్తే సబ్జెక్టు తెలుస్తుంది, అది రెండో నియమం. అంటే మూడు కాలమ్‌లూ చేతికొచ్చాయి. కాబట్టి విద్యార్థి, టీచరు కలిసి రెండో కీ. బాణాలకు ఎడమవైపు ఉన్నదాన్నే కీ అనుకునే అలవాటు పిల్లల్లో చాలా మందికి ఉంటుంది. ఈ రెండో కీ ఏ బాణానికీ ఎడమవైపు నేరుగా కనిపించదు, వెతికి పట్టుకోవాలి. ఒక్క మార్కే కదా అనిపిస్తుంది. కానీ ఆమె తర్వాత చేసిన పెద్ద తప్పుకు మూలం ఇక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

రెండో భాగంలో ఆమె "టీచరు కీ కాదు, అయినా టీచరు మీద సబ్జెక్టు ఆధారపడింది, కాబట్టి ఇది థర్డ్ నార్మల్ ఫార్మ్‌లో లేదు" అని రాసింది. దోషం ఉన్న బాణాన్ని సరిగ్గా పట్టుకుంది, అందుకు ఒక మార్కు. తీర్పు మాత్రం తప్పు. థర్డ్ నార్మల్ ఫార్మ్ ఒక సడలింపు ఇస్తుంది. బాణానికి కుడివైపు ఉన్న కాలమ్ ఏదో ఒక కీలో భాగమైతే దాన్ని వదిలేస్తుంది. ఇక్కడ సబ్జెక్టు మొదటి కీలో భాగమే. కాబట్టి ఈ టేబుల్ థర్డ్ నార్మల్ ఫార్మ్‌లోనే ఉంది. అయినా పద్మ గారి ఫిజిక్స్ నలభై చోట్ల ఉంది! ఈ సందును మూయడానికే రేమండ్ బాయిస్, కాడ్ ఇద్దరి పేర్లతో బాయిస్-కాడ్ నార్మల్ ఫార్మ్ 1974లో వచ్చింది. దాన్నే పొట్టిగా బీసీఎన్ఎఫ్ అంటాం. అందులో సడలింపు లేదు. బాణానికి ఎడమవైపు ఉన్నది ఆ టేబుల్‌కు కీ అయి తీరాలి, లేదా తనలో ఒక కీని కలిగి ఉండాలి. టీచరు ఒక్కటే కీ కాదు కనుక మన రిజిస్టర్ బీసీఎన్ఎఫ్‌లో లేదు.

ఇప్పుడు అసలు గొడవ. ఆమె టేబుల్‌ను ఇలా విడదీసింది: ఒకటి విద్యార్థి, సబ్జెక్టు. రెండోది టీచరు, సబ్జెక్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎవరు ఏ సబ్జెక్టు చదువుతున్నారో ఒకచోట, ఎవరు ఏ సబ్జెక్టు చెబుతున్నారో ఇంకోచోట. సబ్జెక్టు రెండింటినీ కలుపుతుంది కదా అనుకుంది. ఏటా నా క్లాసులో చాలామంది ఇలాగే విడదీస్తారు. మామూలు బుద్ధికి ఇదే సహజంగా తోస్తుంది.

ఆమె ముందు ఒక తెల్లకాగితం పెట్టి, రఫ్ పేజీలో రాసుకున్న మూడు వరుసలనే మళ్లీ రాయమన్నాను.

రవి, మ్యాథ్స్, శ్రీనివాస్
రవి, ఫిజిక్స్, పద్మ
లత, ఫిజిక్స్, పద్మ

ఆమె పద్ధతిలో విడదీస్తే మొదటి టేబుల్‌లో రవి మ్యాథ్స్, రవి ఫిజిక్స్, లత ఫిజిక్స్. రెండో టేబుల్‌లో శ్రీనివాస్ మ్యాథ్స్, పద్మ ఫిజిక్స్. సబ్జెక్టు ఆధారంగా కలిపితే మూడు వరుసలే వస్తాయి, అసలువే వస్తాయి. "చూడండి మేడమ్" అంది. "సరే అమ్మా, ఇంకొక్క వరుస చేర్చు" అన్నాను. "లత మ్యాథ్స్ చదువుతోంది, వెంకట్ గారి దగ్గర." నియమాలకు ఏమీ విరుద్ధం లేదు. లతకు మ్యాథ్స్‌కు ఒక్కరే టీచరు, వెంకట్ చెప్పేది ఒక్క సబ్జెక్టే. ఇప్పుడు మొత్తం నాలుగు వరుసలు. మళ్లీ విడదీసింది. మొదటి టేబుల్‌లో నాలుగు, రెండో టేబుల్‌లో మూడు. మళ్లీ కలపడం మొదలుపెట్టింది. "రవి మ్యాథ్స్" దగ్గర పెన్ను ఆగింది. మ్యాథ్స్ చెప్పేవాళ్లు ఇప్పుడు ఇద్దరు. శ్రీనివాస్‌తో ఒకటి, వెంకట్‌తో ఒకటి, రెండు వరుసలు రాయాల్సి వచ్చింది. లతకూ అంతే. ఫిజిక్స్‌వి రెండు. మొత్తం ఆరు వరుసలు:

రవి, మ్యాథ్స్, శ్రీనివాస్
రవి, మ్యాథ్స్, వెంకట్
లత, మ్యాథ్స్, శ్రీనివాస్
లత, మ్యాథ్స్, వెంకట్
రవి, ఫిజిక్స్, పద్మ
లత, ఫిజిక్స్, పద్మ

నిజమైనవి నాలుగు. రెండో వరుస, మూడో వరుస ఎవరూ రాయనివి. రవి ఏనాడూ వెంకట్ గారి క్లాసులో కూర్చోలేదు, లత శ్రీనివాస్ గారి క్లాసులో కూర్చోలేదు. ఇలా పుట్టుకొచ్చిన వరుసలను స్ప్యూరియస్ టపుల్స్ అంటారు, అంటే లేనిపోని వరుసలు. కంప్యూటర్‌లోనూ ఇదే జరుగుతుంది. ల్యాబ్‌లో ఆ రెండు టేబుళ్లు తయారుచేసి ఈ మూడు లైన్లు కొడితే అవే ఆరు వరుసలు స్క్రీన్ మీద కనిపిస్తాయి:

```sql
SELECT s.student, s.subject, t.teacher
FROM student_subject s
JOIN teacher_subject t ON s.subject = t.subject;
```

"వరుసలు పెరిగాయి కదా మేడమ్, మరి దీన్ని నష్టం అంటారేం?" అని అడిగింది. ఈ అనుమానం ఆమె ఒక్కదానిదే కాదు. పుస్తకంలో ఆ మాట చదివినవాళ్లలో చాలామంది వరుసలు తగ్గిపోతాయని అనుకుంటారు. తగ్గవు. విడదీసి కలిపితే అసలు వరుసలు ఎప్పుడూ ఉంటాయి, వాటికి తోడు కొత్తవి చేరవచ్చు. పోయేది వరుస కాదు. ఏది నిజమో ఏది కాదో చెప్పగల తెలివిడి పోతుంది. విడదీయక ముందు "లత మ్యాథ్స్ ఎవరి దగ్గర?" అని అడిగితే రిజిస్టర్ "వెంకట్" అని చెప్పేది. ఇప్పుడు ఇద్దరి పేర్లూ చెబుతుంది. ఆ ఆరు వరుసల్లో ఏ నాలుగు అసలువో ఆ రెండు టేబుళ్లను ఎంత తిరగేసినా తేలదు. ఏ విద్యార్థి ఏ టీచరు దగ్గర అన్న సంగతి ఆ రెండింటిలో ఎక్కడా రాసి లేదు. ఒకదాంట్లో విద్యార్థి ఉన్నాడు, టీచరు లేరు. రెండోదాంట్లో టీచరు ఉన్నారు, విద్యార్థి లేడు. సెంటర్‌లో ఇద్దరు మ్యాథ్స్ టీచర్లు చేరిన రోజునే ఆ సంబంధం తెగిపోయింది.

అలాంటప్పుడు ఆమె మూడు వరుసల లెక్క ఎందుకు సరిపోయింది? ఆ మూడింటిలో ప్రతి సబ్జెక్టుకూ ఒక్కరే టీచరు ఉన్నారు కాబట్టి. సబ్జెక్టు తెలిస్తే టీచరు తెలిసిపోతున్నారు. కానీ ప్రశ్నలో అలాంటి నియమం ఏదీ లేదు, ఆమె రాసుకున్న డేటాలో అది అనుకోకుండా పడింది. విడదీయడం సరైనదా కాదా అన్నది ఇవాళ టేబుల్‌లో ఉన్న వరుసలను బట్టి తేల్చేది కాదు. నియమాలకు లోబడి రేపు రాగల ప్రతి వరుసకూ అది నిలబడాలి. మూడు వరుసలతో తప్పును పట్టుకోవచ్చు, ఒప్పును నిరూపించలేం. అందుకే ఇంతకుముందు దిద్దేటప్పుడు ఆమె రఫ్ పేజీ చూసి కూడా నేను మార్కు వేయలేదు. కానీ ఆ లెక్క ఎందుకు చెల్లదో అక్కడ ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ ఉత్తరం అవసరమే వచ్చేది కాదు.

డేటా లేకుండా, నియమాలతోనే తేల్చే పరీక్ష ఒకటి ఉంది. రెండు టేబుళ్లకూ ఉమ్మడిగా ఉన్న కాలమ్ ఏదో చూడాలి. అది ఆ రెండింటిలో కనీసం ఒకదానికి కీ కావాలి. ఆమె విడదీసిన దాంట్లో ఉమ్మడి కాలమ్ సబ్జెక్టు. విద్యార్థి, సబ్జెక్టు ఉన్న టేబుల్‌లో సబ్జెక్టు ఒక్కటే కీ కాదు, మ్యాథ్స్ చాలామంది చదువుతారు. టీచరు, సబ్జెక్టు ఉన్న టేబుల్‌లోనూ కాదు, మ్యాథ్స్ చాలామంది చెప్పవచ్చు. రెండు వైపులా అనేకం. కలిపినప్పుడు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు చేరి నలుగురై కూర్చున్నారు. ఇక్కడే ఆమె వాదనలోని లోపం బయటపడుతుంది. బీసీఎన్ఎఫ్ అన్నది ఒక్కో టేబుల్‌కు విడిగా వేసే ప్రశ్న. ఆమె రెండు టేబుళ్లూ విడివిడిగా నెగ్గాయి, ఏ రెండు కాలమ్‌లను తీసుకున్నా నెగ్గేవే. నష్టం లేకపోవడం అన్నది ఆ రెండింటినీ కలిపి చూసి వేసే ప్రశ్న. మొదటిది నెగ్గినంత మాత్రాన రెండోది నెగ్గినట్టు కాదు. క్లాసులో "రెండు కాలమ్‌లుంటే బీసీఎన్ఎఫే" అని చెప్పిన రోజే ఈ రెండో సగం కూడా చెప్పాల్సింది. ఆ వారం తర్వాతి క్లాసులో చెప్పాను. కానీ అప్పటికే మొదటి సగం పిల్లల నోట్సులో సూత్రంలా ఉండిపోయింది.

మరి సరైన జవాబు ఏమిటి? దోషం ఉన్న బాణం దగ్గరే కోయాలి. టీచరు → సబ్జెక్టు అన్నది దోషం. బాణంలోని రెండు కాలమ్‌లనూ ఒక టేబుల్‌లో పెట్టాలి: టీచరు, సబ్జెక్టు. రెండో టేబుల్‌లో బాణానికి ఎడమవైపు ఉన్న టీచరును ఉంచుకుని, మిగిలిన విద్యార్థిని చేర్చాలి: విద్యార్థి, టీచరు. ఇప్పుడు ఉమ్మడి కాలమ్ టీచరు. మొదటి టేబుల్‌కు టీచరే కీ, ఎందుకంటే ఒక టీచరుకు ఒక్కటే సబ్జెక్టు. మన నాలుగు వరుసలతో చూద్దాం. రెండో టేబుల్‌లో రవి శ్రీనివాస్, రవి పద్మ, లత పద్మ, లత వెంకట్. ఒక్కో వరుసకూ మొదటి టేబుల్‌లో సరిగ్గా ఒక్క జోడీ దొరుకుతుంది. నాలుగు వరుసలు పోసి నాలుగే తీశాం. బాణం దగ్గర కోస్తే నష్టం ఉండదని ఇయాన్ హీత్ 1971లోనే నిరూపించాడు. అందుకే ఆ సూత్రాన్ని హీత్ సిద్ధాంతం అంటారు.

ఇక్కడ ఆ మొదటి మార్కు సంగతికి వస్తాను. రెండో టేబుల్ కాలమ్‌లు చూడండి: విద్యార్థి, టీచరు. అది ఆమె కనుక్కోకుండా వదిలేసిన రెండో కీయే. ఆ కీ రాసి ఉంటే, విద్యార్థినీ టీచరునూ ఒకేచోట ఉంచాలని ఆమెకు తోచే అవకాశం ఎంతో ఉండేది. కాగితం మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించగానే "అయ్యో, రెండూ ఒకటే" అంది. నాలుగు చోట్ల మార్కులు పోయాయని ఆమె బాధపడింది గానీ, అందులో రెండు చోట్ల పోయింది ఒకే కారణం వల్ల.

అప్పుడు ఆమె ఇంకో ప్రశ్న వేసింది. నాకు ఆ ఉదయం బాగా నచ్చింది ఆ ప్రశ్నే. "ఈ సరైన జవాబులో మొదటి నియమం ఎక్కడుంది మేడమ్? విద్యార్థి, సబ్జెక్టు తెలిస్తే టీచరు తెలియాలి కదా. ఆ మూడూ ఒక్క టేబుల్‌లో లేవు."

నిజమే. సరైన జవాబుకు కూడా ఈ ఖరీదు ఉంది. రెండో టేబుల్‌లోకి "రవి, వెంకట్" అని కొత్త వరుస చేర్చండి. ఆ టేబుల్‌లో ఆ జంట ఇంతకుముందు లేదు, కాబట్టి కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. మొదటి టేబుల్‌ను అసలు ముట్టుకోలేదు. కానీ ఇప్పుడు రవికి మ్యాథ్స్‌కు ఇద్దరు టీచర్లు, శ్రీనివాస్, వెంకట్. నియమం తప్పింది, ఏ టేబుల్‌కూ విడిగా అది తెలియలేదు. రెండింటినీ కలిపి చూస్తేనే తెలుస్తుంది. దీన్నే డిపెండెన్సీ నిలవకపోవడం అంటారు. ఈ రిజిస్టర్ విషయంలో ఇది ఎవరి పొరపాటూ కాదు. దీన్ని బీసీఎన్ఎఫ్‌లోకి ఏ విధంగా విడదీసినా మొదటి నియమం చేజారుతుంది. థర్డ్ నార్మల్ ఫార్మ్‌తో సరిపెట్టుకుంటే మాత్రం నష్టం లేకుండా, నియమాలన్నీ నిలిచేలా ఏ టేబుల్‌నైనా మలచవచ్చు. నియమాలు నిలిచేలా అలా మలిచే పద్ధతిని ఫిలిప్ బెర్న్‌స్టీన్ 1976లో ఇచ్చాడు.

పనిలో ఉన్నవాళ్లు దీనికి ఒక మధ్యేమార్గం పాటిస్తారు. మూడు కాలమ్‌ల రిజిస్టర్‌ను అలాగే ఉంచి, విద్యార్థి, సబ్జెక్టు కలిసి ప్రైమరీ కీ అని ప్రకటిస్తారు. దాంతో మొదటి నియమాన్ని కంప్యూటరే కాపలా కాస్తుంది. దాని పక్కన టీచరు, సబ్జెక్టు టేబుల్ పెట్టి, అందులో టీచరు కీ. రిజిస్టర్‌లో రాసే టీచరు, సబ్జెక్టు జంట ఆ పక్క టేబుల్‌లో ఉన్న జంటే అయి ఉండాలని ఫారిన్ కీ కడతారు. దాంతో రెండో నియమమూ భద్రం. పద్మ గారి ఫిజిక్స్ నలభై వరుసల్లోనూ ఉంటుంది. కానీ ఒకచోట ఫిజిక్స్, ఇంకోచోట కెమిస్ట్రీ అని రాసుకుపోవడం ఇక కుదరదు. కొంచెం చోటు ఎక్కువ పడుతుంది, అబద్ధం మాత్రం చొరబడదు. పరీక్షలో బీసీఎన్ఎఫ్ అడిగితే బీసీఎన్ఎఫే రాయాలి. రేపు ఉద్యోగంలో ఎవరైనా ఈ రిజిస్టర్ తయారుచేయమంటే నేనైతే ఈ మధ్యేమార్గమే ఎంచుకుంటాను, ఆమెకూ అదే చెప్పాను.

ఆమె ప్రశ్న విన్నాక నాకు ఒక అనుమానం వచ్చి ఆమె పేపర్ మళ్లీ తీశాను. నాలుగో భాగానికి సున్నా వేశాను. విడదీసిందే తప్పు కాబట్టి దాని మీద రాసినదంతా తప్పని గబగబా తేల్చేశాను. చదివి చూస్తే రెండు వాక్యాలున్నాయి. మొదటిది "నష్టం లేదు" అని, అది తప్పు. రెండోది "విద్యార్థి, సబ్జెక్టు → టీచరు అనే నియమం ఈ రెండు టేబుళ్లలో దేనిలోనూ తనిఖీ చేయలేం" అని. ఆమె విడదీసిన తీరులోనూ అది అక్షరాలా నిజం. స్టాఫ్ రూమ్‌లో వేసిన ప్రశ్నను ఆమె పరీక్షలోనే సగం రాసి పెట్టింది. ముందు మెట్టులో జరిగిన తప్పును పక్కన పెట్టి, తర్వాతి మెట్టులోని ఆలోచనకు మార్కు వేయాలన్నది దిద్దేవాళ్లు పాటించాల్సిన పద్ధతి. నేను పాటించలేదు. డెబ్బై పేపర్లు ఒక్క రాత్రి దిద్దడం దానికి సాకు కాదు. ఒక మార్కు వేసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఆ సాయంత్రం మిగతా పేపర్లలోనూ ఆ భాగం మళ్లీ చూశాను. ఇంకో ఇద్దరికి ఒక్కో మార్కు కలిసింది.

విద్యార్థులకు ఒక మాట. లెక్చరర్‌కు ఉత్తరం రాయాలనిపిస్తే ఈ అమ్మాయిలా రాయండి. ఎన్నో ప్రశ్న, ఎన్ని మార్కులు, మీరేం రాశారు, అది సరైనదని ఎందుకు అనుకుంటున్నారు, ఎలా సరిచూసుకున్నారు, ఈ అయిదూ ఉంటే చాలు. ఆమె "మూడు వరుసలతో కలిపి చూశాను" అని రాయకపోయి ఉంటే, తప్పు నియమాల దగ్గర కాక ఉదాహరణ దగ్గర ఉందని నాకు అంత త్వరగా తెలిసేది కాదు. దిద్దే లెక్చరర్లకు కూడా ఒక మాట. "లాసీ" అని రాసే చోట "ఉమ్మడి కాలమ్ సబ్జెక్టు, అది ఏ టేబుల్‌కూ కీ కాదు" అని రాయండి. పది సెకన్లు ఎక్కువ పడుతుంది. ఈసారి నుంచి నేను అలాగే రాస్తున్నాను.

ఆ అమ్మాయికి ఆ ప్రశ్నలో చివరికి వచ్చినవి పదికి నాలుగు మార్కులు.